రాయి పప్పులో లేదు

రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ 7 దాటిందని తెలిస్తే చాలు, మన ఇళ్లలో ముందుగా అటకెక్కేది పప్పుల డబ్బా. ఆ వెనకే టమాటా, పాలకూర, గోబీ, పుల్లటి పండ్లు ఒక్కొక్కటే వంటింటి గడప దాటుతాయి. ఆ మనిషికి కిడ్నీలో రాయి కూడా ఉందంటే ఇక చెప్పక్కర్లేదు. “రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగింది, అదే కిడ్నీలో పేరుకుని రాయి కట్టింది. దాన్ని తగ్గించే మాత్ర వేసుకో, పథ్యం చెయ్యి, రాయి పెద్దదైతే లేజర్ చేయించుకో.” చుట్టాలు, పక్కింటివాళ్లు, మందుల షాపు అబ్బాయి, ఒక్కోసారి తెల్లకోటు వేసుకున్నవాళ్లు కూడా ఇదే మాట అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. యూరిక్ యాసిడ్ రాళ్లు వచ్చేవాళ్లలో ఎక్కువమంది విషయంలో మాత్రం ఈ మాట తప్పు. తప్పుడు మాట కావడం ఒక ఎత్తు, దాన్ని నమ్మి చేసే పథ్యం రాయికే మేలు చెయ్యడం ఇంకో ఎత్తు.

ఈ రాళ్లు వచ్చేవాళ్లలో చాలామందికి రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగానే ఉంటుంది. మూత్రంలో రోజూ పోయే యూరిక్ యాసిడ్ కూడా పక్కింటాయనకు పోయినంతే పోతుంది. తేడా అంతా మూత్రం ఎంత ఆమ్లంగా ఉందన్న దగ్గరే. ఆ ఆమ్లతను పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు. 7 కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లం. మామూలు మనిషి మూత్రం రోజు మొత్తం మీద 6కు అటూ ఇటూగా ఉంటుంది. ఈ రాళ్లు కట్టేవాళ్లది 5.5కు దిగువనే, తరచూ 5 దగ్గరే తచ్చాడుతుంది.

6కీ 5కీ తేడా ఒక్క అంకేగా అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. యూరిక్ యాసిడ్ మూత్రంలో రెండు రూపాల్లో ఉంటుంది. హైడ్రోజన్‌ను వదలకుండా పట్టుకున్న రూపం నీళ్లలో దాదాపు కరగదు. హైడ్రోజన్‌ను వదిలేసిన రూపం, అంటే యూరేట్, ఎన్నో రెట్లు ఎక్కువగా కరుగుతుంది. మూత్రం పీహెచ్ 5.35 దగ్గర ఈ రెండూ చెరిసగం. అక్కడి నుంచి కిందికి దిగినకొద్దీ కరగని రూపం, పైకి వెళ్లినకొద్దీ కరిగే రూపం పెరుగుతాయి. కరగని రూపాన్ని లీటరు మూత్రం సుమారు 96 మిల్లీగ్రాముల వరకే మోయగలదు. దీన్నిబట్టి లెక్క కడితే పీహెచ్ 5 దగ్గర లీటరు మూత్రంలో రెండు రూపాలూ కలిపి 140 మిల్లీగ్రాములు ఇముడుతాయి. పీహెచ్ 6 దగ్గర అదే లీటరులో 525, పీహెచ్ 6.5 దగ్గర 1,450 మిల్లీగ్రాములు ఇముడుతాయి.

ఇప్పుడు రోజుకు 600 మిల్లీగ్రాముల యూరిక్ యాసిడ్, లీటరున్నర మూత్రం పోసే ఒక సాదాసీదా మనిషిని తీసుకోండి. పీహెచ్ 5 అయితే ఆ లీటరున్నరలో ఇమిడేది 210 మిల్లీగ్రాములు. మిగిలిన 390 మిల్లీగ్రాములకు నిలువ నీడ లేదు. అదంతా ఆ పూటే రాయి అయిపోదు, మూత్రం కొంతసేపు అదనపు బరువు మోస్తుంది. కానీ స్ఫటికం కట్టడానికి అవకాశం రోజంతా తెరిచే ఉంటుంది. ఈయనకు అల్లోప్యూరినాల్ మాత్ర ఇచ్చి 600ను 400కు దించామనుకుందాం. ఇంకా 190 మిగులే. మాత్ర లేకుండా నీళ్లే తెగ తాగించి మూత్రం మూడు లీటర్లు చేశామనుకుందాం. మూడు లీటర్లలో ఇమిడేది 420, ఇంకా 180 మిగులు. ఈ రెండూ పక్కనపెట్టి పీహెచ్‌ను మాత్రం 5 నుంచి 6కు తెస్తే? అదే లీటరున్నరలో దాదాపు 790 మిల్లీగ్రాములకు చోటుంది, ఉన్నది 600. లెక్క ముగిసింది. 6.5కు తెస్తే 2,000 దాటి చోటుంది. అప్పటికే కట్టిన రాయి కూడా కరిగి మూత్రంలోకి దిగడం మొదలవుతుంది.

కిడ్నీ రాళ్లలో క్యాల్షియం ఆక్సలేట్ రాయే ఎక్కువ. దాన్ని ఏ మందూ కరిగించలేదు. మందుతో కరిగే రాయి చేతిలో ఉండి కూడా, అది ఏ రకమో చూడకుండా లేజర్ బల్ల ఎక్కించడమే నాకు మింగుడుపడని సంగతి. అమెరికన్ యూరాలజీ సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో నీళ్లు నమలలేదు. యూరిక్ యాసిడ్ రాళ్లవాళ్లకు పొటాషియం సిట్రేట్ ఇచ్చి మూత్రం పీహెచ్ పెంచమన్నాయి. అల్లోప్యూరినాల్‌ను మొదటి మందుగా అలవాటుగా రాయవద్దన్నాయి. మన దగ్గర చాలాచోట్ల జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు.

అసలు మూత్రం అంత ఆమ్లంగా ఎందుకు మారుతుంది? తిన్న తిండి నుంచి, ముఖ్యంగా మాంసకృత్తుల్లోని గంధకం నుంచి, శరీరంలో రోజూ కొంత ఆమ్లం పుడుతుంది. దాన్ని బయటికి పంపే బాధ్యత కిడ్నీలది. కిడ్నీ కణాలు అమ్మోనియాను తయారుచేసి, ఆ ఆమ్లాన్ని దానికి కట్టి మూత్రంలో వదులుతాయి. అలా కట్టిన ఆమ్లం పీహెచ్‌ను పెద్దగా దించదు. అమ్మోనియా తక్కువైతే అంతే ఆమ్లం కట్టు లేకుండా మూత్రంలో పడి పీహెచ్‌ను కిందికి లాగుతుంది. ఆ అమ్మోనియా తయారీకి ఇన్సులిన్ దన్ను కావాలి. పొట్ట పెరిగి, ఇన్సులిన్ ఉన్నా పనిచెయ్యని స్థితి వచ్చిందంటే చక్కెర ఒక్కటే కాదు, ఇదీ దెబ్బతింటుంది. డాలస్‌లో చార్లెస్ పాక్, ఖషాయార్ సఖాయీ వంటివారు ఏళ్ల తరబడి తవ్వి తీసిన సంగతి ఇది. 2006లో ఫ్రాన్స్‌లో మిషెల్ డోడాన్ బృందం రెండు వేలకు పైగా రాళ్లను విశ్లేషించి చూస్తే, టైప్ 2 మధుమేహం ఉన్నవాళ్ల రాళ్లలో మూడింట ఒక వంతుకు పైగా యూరిక్ యాసిడ్ రాళ్లే. మధుమేహం లేనివాళ్లలో అవి 11 శాతం. అంటే ఈ రాయి చాలామందిలో షుగరు జబ్బుకు, పెరిగిన నడుముకు చుట్టం. ఇంటింటా షుగరు మాత్రలు ఉన్న మన రాష్ట్రాల్లో ఇంకా పప్పును నిలదీస్తున్నామంటే ఏమనాలి?

పప్పు సంగతి తేలుద్దాం. పప్పుల్లో ప్యూరిన్లు ఉన్నాయి, అవి విరిగితే యూరిక్ యాసిడ్ వస్తుంది, అది నిజమే. కానీ హ్యోన్ చోయ్ బృందం 47,150 మంది మగవాళ్లను 12 ఏళ్లు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో మాంసం, చేపలు, రొయ్యల వంటివి ఎక్కువ తిన్నవాళ్లకు గౌట్ ఎక్కువగా వచ్చింది. ప్యూరిన్లు ఎక్కువున్న కూరగాయలు తిన్నవాళ్లకు అలా రాలేదు. పాలు, పెరుగు వంటివి తీసుకున్నవాళ్లకు తగ్గింది కూడా. ఇక మూత్రం వైపు నుంచి చూస్తే పథ్యం మరీ విచిత్రంగా కనిపిస్తుంది. కూరగాయలు, ఆకుకూరలు, పండ్లలో పొటాషియంతో జతకట్టిన సేంద్రియ ఆమ్లాల లవణాలు ఉంటాయి. కాలేయం వాటిని క్షారంగా మారుస్తుంది. మూత్రం ఆమ్లతను తిండితో తగ్గించగలిగేవి ముఖ్యంగా ఇవే. మనం “రాయి వస్తుంది” అని టమాటా, ఆకుకూర, పండు మాన్పించి, “బలం కావాలి కదా” అని రోజూ రెండు గుడ్లు, వారానికి నాలుగు సార్లు చికెన్ పెడతాం. మూత్రాన్ని ఇంకాస్త ఆమ్లం చేయడానికి ఇంతకంటే మంచి మెనూ ఎవరూ రాయలేరు. పాలకూరకు భయపడాల్సింది ఆక్సలేట్ రాయి ఉన్నవాళ్లు. ఏ రాయో తేల్చకుండా అందరికీ ఒకే నిషేధాల పట్టీ అంటించడం వల్ల వచ్చిన గందరగోళమే ఇదంతా.

ఏ రాయో తేల్చడం అంత కష్టమా అంటే, కాదు. సీయూఈ అని మన ల్యాబుల్లో చేసే మామూలు మూత్రపరీక్ష రిపోర్టులో “రియాక్షన్” అనో “పీహెచ్” అనో ఒక గడి ఉంటుంది. అందరి కళ్లూ చీముకణాల గడి మీదే ఉంటాయి, దీన్ని చూసేవాళ్లు తక్కువ. అక్కడ 5.0 అని వరుసగా రెండు మూడు రిపోర్టుల్లో కనిపిస్తే అనుమానించాలి. ఇక స్కానింగ్. యూరిక్ యాసిడ్ రాయి అల్ట్రాసౌండ్‌లో కనిపిస్తుంది, మామూలు ఎక్స్‌రేలో కనిపించదు. స్కానింగ్‌లో 11 మిల్లీమీటర్ల రాయి ఉండి, ఎక్స్‌రేలో ఆ చోటు ఖాళీగా ఉందంటే అది పెద్ద ఆధారం. సీటీ తీస్తే రాయి సాంద్రతను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో చెబుతారు. యూరిక్ యాసిడ్ రాయి సాధారణంగా 500కు లోపే ఉంటుంది, క్యాల్షియం రాళ్లు అంతకు చాలా పైన ఉంటాయి. అన్నిటికంటే గట్టి రుజువు రాయినే పరీక్షించడం. లేజర్ చేయించుకున్నవాళ్లు ఆ ముక్కలను ల్యాబుకు పంపమని అడగాలి. మూత్రంలో ముక్క పడేలా ఉంటే పల్చటి గుడ్డలో వడగట్టి దాచాలి. పసుపు, ఇటుకరంగు ఇసుకలా పడితే అది కూడా చెప్పాలి.

ఒక మనిషి కథగా నడిపి చూద్దాం. గుంటూరు వైపు వ్యాపారం చేసే 54 ఏళ్ల ఆయన అనుకోండి. బరువు 86 కిలోలు, షుగరు ఎనిమిదేళ్లుగా ఉంది, బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాడు. రెండేళ్ల కిందట ఎడమ కిడ్నీకి లేజర్ అయింది, ముక్కలు ఎక్కడికి పోయాయో తెలియదు. ఇప్పుడు కుడివైపు 12 మిల్లీమీటర్ల రాయి. రక్తంలో యూరిక్ యాసిడ్ 5.9, అంటే మామూలే. ఎక్స్‌రేలో రాయి లేదు, సీటీలో సాంద్రత 410. మూత్రం పీహెచ్ మూడు ఉదయాలూ 5.0. జ్వరం లేదు, మూత్రం దారి మూసుకుపోలేదు, క్రియాటినిన్ 1.1, పొటాషియం 4.3. ఈయనకు మందుతో కరిగించే ప్రయత్నం చెయ్యకపోవడానికి ఒక్క కారణం కూడా నాకు కనిపించదు.

దొరికే సిరప్పుల్లో ఒక రకంలో 5 మిల్లీలీటర్లకు పొటాషియం సిట్రేట్ 1,100 మిల్లీగ్రాములు, సిట్రిక్ యాసిడ్ 334 మిల్లీగ్రాములు ఉంటాయి. క్షారాన్ని కొలిచే లెక్కలో అది 10 మిల్లీ ఈక్వివలెంట్లు. పెద్దవాళ్లకు రోజుకు మామూలుగా 30 నుంచి 60 వరకు పడతాయి. డాక్టరు ఈయనకు పూటకు 10 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు రెండు సార్లు, భోజనం తర్వాత నిండు గ్లాసు నీళ్లలో కలిపి తాగమని మొదలుపెట్టారనుకుందాం. అంటే 40 మిల్లీ ఈక్వివలెంట్లు. పీహెచ్ కాగితపు పట్టీల డబ్బా ఒకటి తెచ్చుకుని, పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం మందుకు ముందు ఒకసారి, అప్పుడే పోసిన మూత్రంలో ముంచి రాసుకుంటాడు. నిలవ ఉన్న మూత్రంలో సూక్ష్మజీవులు చేరి పీహెచ్‌ను పైకి నెడతాయి, ఆ అంకెను నమ్మకూడదు. వారం తర్వాత సాయంత్రం 6.4, పొద్దున 5.5 వచ్చిందనుకోండి. రాత్రంతా మూత్రం తిరిగి ఆమ్లంగా మారుతోందన్నమాట, పడుకునే ముందు మూడో మోతాదు చేర్చాలి. వారం పది రోజుల్లో పొటాషియం, క్రియాటినిన్ మళ్లీ చూడాలి, ఎందుకంటే టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని పెంచేదే. రాయి కరగాలంటే పీహెచ్ 6.5 నుంచి 7 మధ్య నిలవాలి. ఆరు వారాలకు స్కానింగ్‌లో 12 మిల్లీమీటర్ల రాయి 7కు దిగితే దారి సరైనదే, ఇంకో ఆరు వారాలు సాగించాలి. పీహెచ్ సరిగ్గా నిలిచినా రాయి ఇసుమంతైనా తగ్గకపోతే అది కలిసికట్టిన రాయి, లోపల క్యాల్షియం ఉంది. అప్పుడు లేజర్‌కు వెళ్లడంలో తప్పు లేదు. ఇలా క్షారం ఇచ్చే పద్ధతిలో సగానికి పైగా రాళ్లు పూర్తిగా కరుగుతాయి, మరికొన్ని చిన్నవై పడిపోతాయి. అందరివీ కరుగుతాయని నేను అనను.

“ఆ సిరప్ మేమూ తాగాం, ఏమీ కాలేదు” అనేవాళ్లు చాలామంది. ఎన్నాళ్లు తాగారని అడిగితే “ఒక సీసా” అంటారు. 200 మిల్లీలీటర్ల సీసా రోజుకు 20 చొప్పున పది రోజుల్లో అయిపోతుంది. మూత్రంలో మంటకు వారం రోజులు రాసే మందు అదే కాబట్టి, సీసా అయిపోతే వైద్యం అయిపోయినట్టే అనుకుంటారు. పైగా అదే అర లోంచి షాపువాళ్లు ఇచ్చేది చాలాసార్లు డైసోడియం హైడ్రోజన్ సిట్రేట్. అదీ క్షారమే, పీహెచ్ పెంచుతుంది. కానీ దానిలో పొటాషియానికి బదులు సోడియం ఉంది. సోడియం ఎక్కువైతే బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు చేటు, మూత్రంలో క్యాల్షియం కూడా పెరిగి వేరే రాయికి దారి తీస్తుంది. వంట సోడాకూ ఇదే అభ్యంతరం. సీసా మీద అక్షరాలు చదవకుండా “క్షారం సిరప్” అని కొనడం సరికాదు.

ఇంకోవైపు, నిమ్మకాయతో పని జరిగిపోతుందనేవాళ్లు ఉన్నారు. పులుపు కాబట్టి ఆమ్లం పెంచుతుందని ఒక వర్గం, కడుపులోకి వెళ్లాక క్షారం అవుతుందని ఇంకో వర్గం. ఇద్దరిదీ సగం మాటే. సిట్రిక్ యాసిడ్ శరీరంలో కాలి నీళ్లు, బొగ్గుపులుసు వాయువు అవుతుంది. దాని వల్ల ఆమ్లమూ పెరగదు, క్షారమూ మిగలదు. సిట్రేట్‌కు పొటాషియం జతగా ఉన్నప్పుడే క్షారం మిగులుతుంది. నిమ్మరసంలో ఎక్కువగా ఉన్నది సిట్రిక్ యాసిడే, అందుకే అది పీహెచ్‌ను పెద్దగా కదిలించదు. కమలారసంలో పొటాషియం సిట్రేట్ ఎక్కువ, అది కొంత పెంచుతుంది. షుగరు ఉన్నవాళ్లు గ్లాసులకు గ్లాసులు తాగలేరు, అది వేరే సంగతి. నిమ్మనీళ్లు నీళ్లు తాగించే సాకుగా మంచివే.

ఆల్కలైన్ నీళ్ల యంత్రాల గురించి ఒక్క లెక్క చాలు. పీహెచ్ 10 ఉన్న శుభ్రమైన నీళ్లలో లీటరుకు ఉండే క్షారం 0.1 మిల్లీ ఈక్వివలెంట్. మన గుంటూరు ఆయనకు కావలసిన 40 రావాలంటే రోజుకు 400 లీటర్లు తాగాలి. కొండపిండి ఆకును, ఉలవకట్టును, అరటి దవ్వ రసాన్ని నేను తిట్టను, తినడానికి మంచివే. కానీ వాటిని నమ్మినవాళ్లు కూడా వారం రోజులు పీహెచ్ పట్టీతో కొలిచి చూసుకోవాలి. అంకె 5 దగ్గరే ఉంటే యూరిక్ యాసిడ్ రాయి కదలదు.

క్షారం ఇచ్చే వైద్యానికి హద్దులు ఉన్నాయి, వాటిని దాచి వాదించడం మోసం. పీహెచ్ 7 దాటి పైకి పోతే మూత్రంలోని క్యాల్షియం ఫాస్ఫేట్ విడిపోయి రాయి మీద పొరలా పేరుకుంటుంది. ఇక లోపలి యూరిక్ యాసిడ్‌కు క్షారం తగలదు, కరగడం ఆగిపోతుంది. కిడ్నీలు ముందే దెబ్బతిన్నవాళ్లకు పొటాషియం బయటికి పోక, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటిచోట కిడ్నీ జబ్బు లక్షణాలు లేకుండానే ముదురుతుంది. అలాంటిచోట క్రియాటినిన్ చూడకుండా ఈ సీసా చేతికివ్వడం నేరం. ఇక రాయి అడ్డుపడి జ్వరం, చలి వచ్చిందంటే సిరప్పు మాటే వద్దు. ఆ రాత్రే స్టెంట్‌తోనో గొట్టంతోనో మూత్రానికి దారి తీయించాలి, లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంతవరకు చెప్పింది రాయి సంగతి. దీన్ని పట్టుకుని “అయితే గౌట్‌కు కూడా క్షారం తాగితే చాలు” అనేవాళ్లు బయల్దేరారు, వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. బొటనవేలు మొదట్లో నిప్పు పెట్టినట్టు వాచే గౌట్‌లో కీలులో చేరేది సోడియం యూరేట్ స్ఫటికం. కీలులో ఉన్నది మూత్రం కాదు, రక్తంతో పాటే దాదాపు 7.4 పీహెచ్ దగ్గర నడిచే ద్రవం. అక్కడ యూరిక్ యాసిడ్ దాదాపు అంతా ముందే యూరేట్ రూపంలో ఉంటుంది. రక్తం పీహెచ్‌ను సిరప్పుతో మార్చలేం, మారకూడదు కూడా. కీలులో ఆటంతా మోతాదుదే. డెసీలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే స్ఫటికం కట్టవచ్చు, 6కు లోపు నెలల తరబడి ఉంచితే కట్టినది కరుగుతుంది. ఆ పని చేసేది అల్లోప్యూరినాల్ లాంటి మాత్రే. 19వ శతాబ్దంలో గౌట్ రోగుల రక్తంలో యూరిక్ యాసిడ్‌ను చూపించిన లండన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ గారడ్ అంతటివాడు కూడా లిథియం లవణాలు కీళ్లలో యూరేట్‌ను కరిగిస్తాయని నమ్మాడు. గాజు పాత్రలో కరిగింది కదా అని. లిథియం నీళ్లు దశాబ్దాలపాటు సీసాల్లో అమ్ముడుపోయాయి, గౌట్ మాత్రం తగ్గలేదు.

రెండూ ఒకే మనిషిలో ఉండవా అంటే, తరచూ ఉంటాయి. గౌట్ ఉన్నవాళ్ల మూత్రం కూడా ఎక్కువమందిలో ఆమ్లంగానే ఉంటుంది, కాబట్టి రాళ్ల బెడద వాళ్లకు ఎక్కువ. అలాంటివాళ్లకు కీలు కోసం మాత్ర, రాయి కోసం క్షారం, రెండూ కావాలి. రోజుకు పోయే యూరిక్ యాసిడ్ నిజంగానే బాగా ఎక్కువగా ఉన్న కొద్దిమందికి కూడా అల్లోప్యూరినాల్ తోడు అవసరమే. నా గొడవల్లా ఒక్కటే, కీలుకు చెల్లే లెక్కను తెచ్చి మూత్రానికి అంటగట్టవద్దని.

రాయి ఉందని ఈపాటికే చెప్పించుకున్నవాళ్లు ఇంట్లో ఉన్న పాత సీయూఈ కాగితాలన్నీ బయటికి తీసి, పీహెచ్ గడిలో ఏముందో వరుసగా రాసుకోండి. దాన్ని, ఎక్స్‌రేను, సీటీలోని సాంద్రత అంకెను యూరాలజిస్టు ముందు పెట్టి, లేజర్ తేదీ వేసుకునే ముందు ఈ రాయి కరిగేదా కాదా అని అడగండి. అడిగినా మూత్రం పీహెచ్ చూడకుండానే పప్పు మానమనే డాక్టరైతే, ఇంకో డాక్టరును చూసుకోండి.